ఆసుపత్రి పర్చేజ్ కమిటీకి పంపిన మెయిల్ ఫైల్లోకి ఎలా ఎక్కుతుంది?

ఆసుపత్రులకు పరికరాలు అమ్మే ఈ వ్యాపారంలోకి నేను వచ్చిన కొత్తలో మా వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఎంక్వైరీ లెటర్ వచ్చింది. ‘సీల్డ్ కవర్‌లో కొటేషన్లు పంపగలరు’ అని అందులో స్పష్టంగానే ఉంది. త్వరగా అందుతుంది కదా అని నేను రేట్లతో సహా మెయిల్ కొట్టేశాను. నాలుగు రోజుల తర్వాత వెళ్తే సెక్షన్ సూపరింటెండెంట్ గారి బల్ల మీద నా మెయిల్ ప్రింటు ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి, “ఏందయ్యా, రేటు మెయిల్లనే పెట్టినవ్? సెక్షన్ల అందరు చూసిన్రు. ఇగ దీన్ని కమిటీ ముందట ఎట్ల పెట్టాలె?” అన్నారు. వస్తువు మంచిదే, రేటు కూడా బాగానే ఉంది. కానీ ఆ కొటేషన్‌ను లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుని ఉంటే మిగతా వాళ్లు అభ్యంతరం చెప్పేవాళ్లు, వాళ్లు అలా చెప్పడం న్యాయమే కూడా.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి లాంటి చోట్ల మెడికల్ కాలేజీలు వచ్చాక ఆసుపత్రులకు, కాలేజీలకు సరుకు ఇవ్వాలనుకునే చిన్న డీలర్లు పెరిగారు. వాళ్లలో చాలామంది నా దగ్గరకు తెచ్చే సమస్య ఒక్కటే: “అన్నా, ఇరవై మెయిళ్లు పెట్టిన, ఒక్కదానికీ జవాబు లేదు.” ఆ మెయిళ్లు తెరిచి చూస్తే వస్తువులో లోపమేమీ కనిపించదు. మెయిల్ ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు దానితో ఏం చేయాలో తెలియకుండా రాసినవే ఎక్కువ.

ముందుగా ఆఫీసు మెయిల్ తెరిచేది కమిటీ కాదు. తపాలు చూసే జూనియర్ అసిస్టెంటో, స్టోర్స్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఆపరేటరో తెరుస్తారు. పనికొచ్చేదని అనిపిస్తే ప్రింటు తీస్తారు. దానికి ఇన్‌వర్డ్ నంబర్ వేసి సంబంధిత సెక్షన్‌కి పంపుతారు. సెక్షన్‌లో దాన్ని ఫైల్లో పెట్టి, పైన ఒక నోట్ రాసి పై అధికారికి పుటప్ చేస్తారు. కమిటీ కూర్చున్నప్పుడు డాక్టర్ల ముందుకు వచ్చేది ఆ ఫైలు, అందులో అందరి రేట్లూ పక్కపక్కన వేసిన కంపేరిటివ్ స్టేట్‌మెంట్. అంటే మీరు రాసే మెయిల్‌ను మొదట చదివే మనిషికి పేషెంట్ మానిటర్ గురించి తెలియనక్కర్లేదు. ఆయన చూసేది ఇది ఏ ఫైల్‌కి సంబంధించింది, దేనికి జవాబు, వెంట ఏమేం కాగితాలున్నాయి అన్న మూడే విషయాలు. ఆ మూడూ మొదటి నాలుగు లైన్లలో దొరక్కపోతే మెయిల్ అక్కడే ఆగిపోతుంది. చివరగా చదివే మనిషి ఇంకొకరున్నారు. రెండేళ్ల తర్వాత వచ్చే ఆడిటర్ గారు. ‘ఈ సంస్థకే ఎందుకిచ్చారు’ అని ఆయన అడిగితే జవాబు మీ కాగితాల్లోనే ఉండాలి. గుమస్తా కాగితం కోసం అంత పట్టుబట్టేది ఆ భయంతోనే తప్ప మన మీద కోపంతో కాదు.

ఎక్కడికి పంపుతున్నామన్నది తేల్చుకోవడం ఆ తర్వాతి పని. బీబీనగర్ ఎయిమ్స్ కేంద్ర సంస్థ. అక్కడ 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ నడుస్తాయి, ప్రభుత్వ కొనుగోళ్ల కోసం కేంద్రం నడిపే జెమ్ పోర్టల్‌లో దొరికే వస్తువును ఆ పోర్టల్లోనే కొనాలి. చిన్న కొనుగోళ్లకు ముగ్గురు సభ్యుల లోకల్ పర్చేజ్ కమిటీ అనే పద్ధతి కూడా ఆ రూల్సులోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పెద్ద పరికరాలు ఎక్కువగా రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ టీజీఎంఎస్ఐడీసీ ద్వారా, tender.telangana.gov.in పోర్టల్‌లో టెండర్లు పిలిచి కొంటారు. అలాంటి టెండర్‌కి జిల్లా ఆసుపత్రికి మెయిల్ పెట్టి లాభం లేదు, పోర్టల్‌లోనే బిడ్ వేయాలి. జిల్లా స్థాయిలో ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులతోనో, కాలేజీ సొంత నిధులతోనో జరిగే చిన్న కొనుగోళ్లున్నాయి చూడండి, మెయిల్‌కి నిజంగా పని ఉండేది అక్కడ. ట్రస్టుల కింద నడిచే ప్రైవేటు మెడికల్ కాలేజీలు, నర్సింగ్ కాలేజీల్లో కూడా అంతే. కాకపోతే ప్రైవేటులో పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసి బేరం ఆడతారు, ప్రభుత్వంలో బేరం అలా కుదరదు.

ఇక మెయిళ్లు రెండు రకాలు. ఎవరూ అడగకముందు మనమే పరిచయం చేసుకోవడం ఒకటి, ఎంక్వైరీ వచ్చాక జవాబివ్వడం రెండోది. రెండింటినీ కలిపేస్తేనే గందరగోళం.

పరిచయ మెయిల్‌లో రేట్లు ఉండకూడదు. అడగని రేటుతో కమిటీకి పని లేదు. పైగా ఆరు నెలల తర్వాత ఎంక్వైరీ వచ్చినప్పుడు మన పాత రేటు ప్రింటు ఎవరో బయటకు తీస్తారు. ఈ మెయిల్‌తో సాధించాల్సింది చిన్నదే: తర్వాత ఎప్పుడైనా ఎంక్వైరీ లెటర్లు పంపేటప్పుడు మీ పేరు కూడా ఆ జాబితాలో ఉండాలి. కాబట్టి మెయిల్ అడగాల్సింది కూడా అదే. ‘మీ అమూల్యమైన ఆర్డర్ కోసం ఎదురుచూస్తున్నాం’ అని రాస్తే గుమస్తా చేయగలిగిన పని ఏమీ లేదు. ‘మీ సరఫరాదారుల జాబితాలో మా పేరు చేర్చగలరు, అందుకు వేరే ఫారం ఉంటే తెలుపగలరు’ అని రాస్తే ఆయన చేయగలిగిన పని ఒకటి ఉంటుంది.

మా వైపు ఇలాంటి లెటర్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తాయి. తెలుగు మన రాష్ట్ర అధికార భాషే, తెలుగులో రాసినా తప్పు లేదు. భాష ఏదైనా వాక్యాల వరస ముఖ్యం కాబట్టి ఇక్కడ తెలుగులోనే ఇస్తున్నాను:

> విషయం: ఐసీయూ పరికరాల సరఫరాదారుగా పేరు నమోదు చేయవలసిందిగా విన్నపం – (సంస్థ పేరు), నల్లగొండ
>
> గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,
>
> మేము నల్లగొండ కేంద్రంగా పేషెంట్ మానిటర్లు, సిరంజి పంపులు సరఫరా చేసి, సర్వీసు చేస్తున్నాము. మెడికల్ డివైసెస్ అమ్మకానికి మాకు ఎండీ-42 రిజిస్ట్రేషన్ ఉంది. సర్వీసు ఇంజనీరు నల్లగొండలోనే ఉంటారు.
>
> మీ ఆసుపత్రి పంపే ఎంక్వైరీలు మాకు కూడా అందేలా మా పేరు సరఫరాదారుల జాబితాలో చేర్చవలసిందిగా కోరుతున్నాము. జీఎస్టీ, ఎండీ-42, పాన్ ప్రతులు, ఒక పేజీ సంస్థ వివరాలు జతపరిచాము (మొత్తం 4 ఫైళ్లు).
>
> భవదీయులు, (పేరు, హోదా, సంస్థ, చిరునామా, ఫోన్)

ఇంతే. ‘సర్వీసు ఇంజనీరు నల్లగొండలోనే ఉంటారు’ అన్న వాక్యం ఊరికే పెట్టింది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే డీలర్ దగ్గర పెద్ద బ్రాండ్లు ఉండొచ్చు. కానీ రాత్రి మానిటర్ ఆగిపోతే పొద్దున్నకి మనిషి వస్తాడా అన్నది వార్డు సిస్టర్‌కి, ఎనస్థీషియా డాక్టర్‌కి అసలైన టెన్షన్. మన ఊరి డీలర్‌కి ఉన్న బలం అదొక్కటే, దాన్ని ముప్పై పేజీల బ్రోషర్‌లో దాచేస్తే ఎలా?

మెయిల్‌ను హోదాకి రాయాలి, పేరుకి కాదు. సూపరింటెండెంటో ప్రిన్సిపాలో బదిలీ అయితే పేరుతో రాసిన లెటర్ పాత కాగితంలా కనిపిస్తుంది. డాక్టర్ గారి సొంత మెయిల్‌కి పంపితే అది ఫైల్లోకి ఎక్కదు. ఇంకో తప్పు నేను కళ్లారా చూశాను. ఒకే మెయిల్‌ను ముప్పై ఆసుపత్రులకు ‘టూ’లో పెట్టి పంపారు, అందరి అడ్రసులూ అందరికీ కనిపిస్తున్నాయి. ఏ ఆఫీసుకి రాశారో తెలియని లెటర్‌కి ఏ ఆఫీసూ ఇన్‌వర్డ్ నంబర్ వేయదు.

ఇప్పుడు ఎంక్వైరీ వచ్చిందనుకుందాం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను. జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి 6 మల్టీపారా పేషెంట్ మానిటర్లు కావాలి. టెక్నికల్ కాగితాలు మెయిల్‌లో పంపవచ్చు, ధరల కొటేషన్ మాత్రం సీల్డ్ కవర్‌లో ఫలానా తేదీ మధ్యాహ్నం 3 గంటల లోపు అందాలి. మూడేళ్ల వారంటీ, ఆ తర్వాత రెండేళ్లకు విడిభాగాలతో సహా మెయింటెనెన్స్ చూసే సీఎంసీ కాంట్రాక్టు రేటు కూడా ఇవ్వాలి, అందరికంటే తక్కువ రేటు వేసిన ఎల్-1 ను తేల్చేటప్పుడు సీఎంసీని కలిపి చూస్తాం అని షరతు.

మెయిల్ విషయం లైను ఇలా ఉండాలి: ‘ఎంక్వైరీ నం. (వాళ్లు ఇచ్చిన నంబర్ అక్షరం మారకుండా), తేదీ – 6 మల్టీపారా మానిటర్లు – టెక్నికల్ పత్రాలు – (మన సంస్థ పేరు)’. ‘బెస్ట్ ఆఫర్’, ‘అర్జెంట్’ లాంటి మాటలు వద్దు. మెయిల్ లోపల రెండో వాక్యంలోనే ‘ధరల కొటేషన్‌ను మీ సూచన ప్రకారం సీల్డ్ కవర్‌లో విడిగా అందజేస్తున్నాము, ఈ మెయిల్‌లోని ఏ పత్రంలోనూ ధరలు లేవు’ అని రాయాలి. రాసే ముందు అది నిజమో కాదో చూసుకోవాలి కూడా. జతపరిచిన పాత పర్చేజ్ ఆర్డర్‌లో అదే మోడల్ రేటు ఉంటే? అనుభవం చూపించడానికి పెట్టిన ఆర్డర్ కాపీలోంచి రేటు బయటపడటం చాలా మామూలు. ఎంక్వైరీ ఒప్పుకుంటే రేటు గడి నల్లగా చేసి స్కాన్ చేయండి. లేదంటే ఆర్డర్‌కి బదులు ఇన్‌స్టలేషన్ రిపోర్టు, వాడుతున్న ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టండి.

ఫైళ్ల పేర్లు ఎంక్వైరీలో వాళ్లు అడిగిన వరసలోనే ఉండాలి. ఇలా:

```
01_Covering_Letter.pdf
02_GST_PAN.pdf
03_MD42.pdf
04_Manufacturer_Authorisation.pdf
05_Manufacturing_Licence.pdf
06_Compliance_Statement.pdf
07_Brochure_Monitor.pdf
```

‘scan0023.pdf’, ‘final final new.pdf’ అని పంపితే ప్రింటు తీసేవాళ్లు వరస తప్పుతారు. అప్పుడు నోట్‌లో ‘ఆథరైజేషన్ లేదు’ అని పడుతుంది, కాగితం మాత్రం అదే కట్టలో ఎక్కడో ఉంటుంది. జీమెయిల్ 25 ఎంబీ దాకా పంపనిస్తుంది కానీ, మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు ఫైలు బరువు దాదాపు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే కష్టమే. అసలు అన్నీ కలిపి 5 ఎంబీ లోపు ఉంచితే అవతలి ఆఫీసు నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా తెరుచుకుంటాయి. డ్రైవ్ లింకు పంపకండి. ప్రభుత్వ ఆఫీసుల్లో తెలియని లింకు నొక్కడానికి భయపడతారు. నొక్కినా ‘అనుమతి అడగండి’ అని వస్తుంది, ఆ అనుమతి మీరు రాత్రి పదింటికి ఇస్తారు, ఆలోగా తేదీ దాటిపోతుంది.

కాగితాల్లో ఎక్కువ దెబ్బ తినేది మూడు చోట్ల. ఒక్కొక్కటిగా చెబుతాను.

ఒకటి, అమ్మే హక్కు. 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్‌లో 2022లో వచ్చిన మార్పుతో, మెడికల్ డివైసెస్ అమ్మే దుకాణానికి ఎండీ-42 అనే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. దీన్ని రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఇస్తుంది. ఇప్పటికే 20బీ, 21బీ లాంటి డ్రగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు దాంతోనే అమ్మవచ్చు. జీఎస్టీ ఉంటే చాలనుకుని మానిటర్లు కోట్ చేసే ఫర్నిచర్ డీలర్లు ఇక్కడే పడిపోతారు. తయారీదారు వైపు కూడా లైసెన్స్ చూపాలి: దేశంలో తయారైతే డివైస్ క్లాసును బట్టి ఎండీ-5 లేదా ఎండీ-9, దిగుమతి సరుకైతే ఎండీ-15. ఆ లైసెన్స్ వెనక ఉండే మోడళ్ల జాబితాలో మీరు కోట్ చేసే మోడల్ పేరు ఉందో లేదో మీరే ముందు వెతకండి. బ్రోషర్‌లో ‘ఎం-12 ప్లస్’ అనీ, లైసెన్స్‌లో ‘ఎం-12’ అనీ ఉంటే కమిటీలో ఒక్క డాక్టర్ పెన్ను పెట్టి గుర్తు చేస్తే చాలు, పని అయిపోయినట్టే. రెండూ ఒకటేనని కంపెనీ నుంచి లెటర్ తెచ్చి ముందే జతపరచాలి.

రెండు, ఆథరైజేషన్ లెటర్. చాలామంది గోడకి తగిలించిన డీలర్‌షిప్ సర్టిఫికెట్‌ను స్కాన్ చేసి పంపుతారు. ఎంక్వైరీలో ‘ఈ ఎంక్వైరీకి ప్రత్యేకంగా ఇచ్చిన ఆథరైజేషన్’ అని ఉంటే అది పనికిరాదు. కంపెనీ లెటర్ మీద ఈ ఆసుపత్రి హోదా, ఎంక్వైరీ నంబరు, మోడలు, వారంటీ కాలంలో విడిభాగాలు మేము ఇస్తామన్న మాట, సంతకం చేసినవారి పేరు, హోదా ఉండాలి. ఆ లెటర్ రావడానికి వారం పడుతుంది. ఎంక్వైరీ అందిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, మిగతా కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

మూడోది చిన్న సంస్థగా నమోదైతే కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్, దీని గురించి చాలామందికి తప్పు అవగాహన ఉంది. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకు టెండర్ ఫీజు నుంచి, బిడ్ తో పాటు కట్టే డిపాజిట్ అయిన ఈఎండీ నుంచి మినహాయింపులున్నాయి. కానీ అవి తయారీ, సేవల సంస్థలకు. 2021 జులైలో వర్తకులను కూడా ఉద్యమ్‌లోకి తీసుకున్నారు గానీ, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే అని ఆ ఉత్తర్వులోనే ఉంది. కంపెనీ సరుకు తెచ్చి అమ్మే డీలర్ తన ఉద్యమ్ చూపించి ఈఎండీ కట్టకపోతే బిడ్ మొత్తం పోతుంది. మీ ఉద్యమ్ సర్టిఫికెట్ మీద పని ఏ రకమని ఉందో చూడండి. ట్రేడింగ్ అని ఉంటే ఈఎండీకి డీడీ తీసి కట్టేయడమే మంచిది. రాష్ట్ర సంస్థల దగ్గర వాళ్ల ఎంక్వైరీలో మినహాయింపు గురించి ఏం రాశారో అదే లెక్క, మన ఊహ కాదు.

ఇక కంప్లయన్స్ స్టేట్‌మెంట్. ఎడమవైపు వాళ్లు అడిగిన స్పెసిఫికేషన్, కుడివైపు మనం ఇచ్చేది, ఆఖర్న బ్రోషర్‌లో ఏ పేజీలో ఉందో. బద్ధకిస్టులు కుడివైపు నిలువునా ‘కంప్లైడ్, కంప్లైడ్’ అని నింపేస్తారు. కమిటీలోని టెక్నికల్ సభ్యుడు అసలు చదివే కాగితం ఇదే కాబట్టి అనుమానం వచ్చేదీ ఇక్కడే. మన ఉదాహరణలో బ్యాటరీ ‘కనీసం 2 గంటలు’ రావాలని అడిగారు. బ్రోషర్‌లో ‘2 గంటల దాకా’ అని ఉంది. వినడానికి ఒకేలా ఉన్నాయి గానీ, మొదటిది కింది హద్దు, రెండోది పై హద్దు. కొత్త బ్యాటరీతో, బీపీ కొలత ఎంతసేపటికోసారి పెట్టినప్పుడు ఎంతసేపు వస్తుందో కంపెనీ నుంచి లెటర్ తెచ్చుకుని, ఆ లెటర్ పేజీ నంబర్ రాయాలి. నిజంగానే గంటన్నర వస్తే ‘గంటన్నర, తేడా ఉంది’ అని రాయడమే నయం. తేడా చెప్పినవాళ్లను కమిటీ తిరస్కరించవచ్చు, కానీ దాచి దొరికినవాళ్ల మిగతా లైన్లన్నీ అనుమానంగానే చదువుతారు. డెమో రోజు ప్లగ్ తీసి చూసే డాక్టర్లు ఉంటారు మరి.

ఈ షీట్ కిందే ఇంకో రెండు లైన్లు రాయాలి, చాలామంది వదిలేస్తారు. బీపీ కఫ్, ఎస్పీఓటూ ప్రోబ్, ఈసీజీ కేబుల్ అరిగిపోయే వస్తువులు. వీటికి వారంటీ ఉందా లేదా, ఉంటే ఎన్నాళ్లు? ఆసుపత్రికి, డీలర్‌కి మధ్య గొడవలు ఎక్కువగా మానిటర్ పాడవడం వల్ల రావు, ఆ ప్రోబ్ తెగడం వల్ల వస్తాయి. ‘వారంటీ 3 ఏళ్లు’ అని మాత్రమే రాస్తే సిస్టర్ దృష్టిలో ప్రోబ్ కూడా మూడేళ్లే, అలా అనుకోవడంలో ఆమె తప్పేం లేదు.

ఇప్పుడు ధరల కవర్. ఒక మానిటర్ రూ. 48,000 అనుకుందాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి వైద్య పరికరాల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది, అంతకు ముందు 12. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో అంకెలు మార్చి పంపేవాళ్ల దగ్గర ఇంకా 12 శాతమే పడుతుంటుంది, చూసుకోండి. 5 శాతంతో మన మానిటర్ రూ. 50,400. నాలుగో, ఐదో ఏడాది సీఎంసీ మూల ధరలో 4 శాతం అన్నాం, అంటే ఏడాదికి 1,920, రెండేళ్లకు 3,840. సీఎంసీ సేవ కాబట్టి దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం రూ. 4,531. కలిపితే ఒక మానిటర్‌కి రూ. 54,931.

అవతలి డీలర్ మానిటర్ ధర రూ. 46,500 వేశాడు, అంటే మనకంటే 1,500 తక్కువ. జీఎస్టీతో రూ. 48,825. కానీ సీఎంసీ 8 శాతం పెట్టాడు: ఏడాదికి 3,720, రెండేళ్లకు 7,440, జీఎస్టీతో రూ. 8,779. మొత్తం రూ. 57,604. ఎంక్వైరీలో సీఎంసీ కలిపి చూస్తామన్నారు కాబట్టి ఎల్-1 మనమే. అదే ఎంక్వైరీలో ఆ మాట లేకపోతే ఎల్-1 అతనే, మనం ఎన్ని చెప్పినా మారదు. అందుకే రేటు వేసే ముందు ఎల్-1 ను దేని మీద తేలుస్తారన్న లైను రెండుసార్లు చదవాలి. స్పష్టంగా లేకపోతే కొటేషన్ వేయకముందే మెయిల్‌లో అడగాలి. ఆ ప్రశ్న, జవాబు కూడా ఫైల్లో పడతాయి. కవర్లు తెరిచాక అడిగే ప్రశ్నకు విలువ లేదు.

కవర్ లోపలి కొటేషన్‌లో మూల ధర, జీఎస్టీ, మొత్తం వేరువేరుగా, అంకెల్లో, అక్షరాల్లో ఉండాలి. ఆసుపత్రిలో బిగించి ఇచ్చేదాకా అన్నీ కలిపిన ధరా కాదా, రేటు ఎన్ని రోజులు నిలబడుతుంది, ఆర్డర్ తర్వాత ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి రాయాలి. ‘పన్నులు అదనం’ అని ఊరుకుంటే కంపేరిటివ్ స్టేట్‌మెంట్ వేసేవాళ్లు మన పన్నును ఊహించి వేయరు, వేయకూడదు కూడా. ‘50 శాతం అడ్వాన్స్’ అన్న పాత అలవాటు ప్రైవేటులోనే నడుస్తుంది. ప్రభుత్వ ఎంక్వైరీలో సరుకు బిగించాకే డబ్బు అని ఉంటే, అడ్వాన్స్ అడగడం షరతు ఒప్పుకోకపోవడం కిందే లెక్క. కవర్ మీద ఎంక్వైరీ నంబరు, వస్తువు పేరు, తెరిచే తేదీ రాసి, అతికించిన చోట సంతకం పెట్టి, వీలైతే మనిషే వెళ్లి ఇచ్చి మన కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం మంచిది.

మెయిల్ పంపిన రెండు రోజులకు ఫోన్ చేయవచ్చు. ‘ఎవరెవరు వేసిన్రు సార్, రేట్లెట్ల ఉన్నయ్?’ అని అడిగితే అవతలి మనిషి ఇబ్బందిలో పడతాడు, ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తడు. ‘ఫలానా తేదీన పంపిన మెయిల్‌కి ఇన్‌వర్డ్ నంబర్ పడిందా సార్? ఏదైనా ఫైలు తెరుచుకోకపోతే చెప్పండి, హార్డ్ కాపీ తెచ్చిస్త’ అని అడగండి. మెయిల్ స్పామ్‌లో పడిందో, ప్రింటు తీయలేదో ఆ ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది. నంబర్ చెప్పారంటే ఫైల్లో ఎక్కినట్టే, దాన్ని మీ డైరీలో రాసుకోండి. ఆ తర్వాత ఎన్ని మెయిళ్లు పంపినా అదే నంబరు పైన వేయాలి, పాత మెయిల్‌కి జవాబుగానే పంపాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే కొత్త ఇన్‌వర్డ్ పడి, ఒకే సంస్థ పేరుతో ఫైల్లో రెండు కాగితాలు తిరుగుతాయి.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు “మిగతా రెండు కొటేషన్లు కూడా నువ్వే తెచ్చియ్యరాదు, ఫైలు అయిపోతది” అంటారు. అడిగేవాళ్లకు అది మామూలు విషయంలా అనిపిస్తుంది. కానీ తెలిసినవాళ్ల లెటర్‌హెడ్ల మీద కాస్త ఎక్కువ రేట్లు వేయించి ఇవ్వడం పోటీ ఉన్నట్టు నటించడమే. 2002 కాంపిటీషన్ చట్టంలో కుమ్మక్కై బిడ్లు వేయడం నేరుగా నిషేధించిన పని. పట్టుకోవడం కూడా కష్టం కాదు. మూడు కొటేషన్లలో ‘మానిటర్’ స్పెల్లింగ్ ఒకేలా తప్పు పడి ఉంటుంది, ఒకే ఫాంటు, ఒకే ప్రింటరు గీత. ఆడిటర్‌కి ఇది చూడగానే కనపడుతుంది. మర్యాదగా, ‘సార్, మీరే ఫలానా మూడు సంస్థలకు ఎంక్వైరీ పంపండి, వాళ్ల అడ్రసులు ఎక్కడ దొరుకుతయో చెప్త’ అనవచ్చు. నేను అలా అన్నప్పుడు ఒకసారి ఆర్డర్ పోయింది. స్పెసిఫికేషన్ రాసిమ్మని అడిగినా ఒప్పుకోకూడదు. మన బ్రాండ్‌లో మాత్రమే ఉండే ఫీచర్ అందులో దూరిస్తే మిగతావాళ్లు ఫిర్యాదు చేస్తారు, కొనుగోలే రద్దవుతుంది. అడిగితే కనీసం మూడు కంపెనీల బ్రోషర్లు ఇచ్చి, వాళ్ల బయోమెడికల్ ఇంజనీరుని రాసుకోమనండి.

ఆర్డర్ వచ్చి, ఆరు మానిటర్లు బిగించిన రోజు ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సీరియల్ నంబర్లన్నీ రాసి, వార్డు ఇన్‌ఛార్జి సంతకం, తేదీ, ముద్ర అక్కడికక్కడే వేయించుకోండి. వారంటీ ఆ తేదీ నుంచే లెక్క, బిల్లు కదిలేది కూడా దాంతోనే. ఆరు నెలలు సరిగా నడిచాక ‘పరికరాలు సంతృప్తికరంగా పనిచేస్తున్నాయి’ అన్న సర్టిఫికెట్ కోసం ఒక పేజీ లెటర్ పెట్టండి, అందులో పర్చేజ్ ఆర్డర్ నంబరు, సీరియల్ నంబర్లు ఉండాలి. బదిలీల సీజన్ రాకముందే తీసుకోవాలి, సంతకం పెట్టిన డాక్టర్ గారు వెళ్లిపోతే కొత్తగా వచ్చినవారు తాము చూడని పనికి సంతకం పెట్టరు. పక్క జిల్లా ఆసుపత్రికి పంపే తర్వాతి మెయిల్‌లో ‘08_Performance_Certificate.pdf’ అని జతపరిచేది ఆ కాగితమే.